తెర తెలియని జవాబు

వరికి యూరియా వెయ్యాలా, డీఏపీ వెయ్యాలా, రెండింటికీ తేడా ఏమిటని ఒక రైతు అడిగాడనుకుందాం. ఎరువుల సమాచారం ఇచ్చే చాట్‌బాట్ ఇలా రాసి పంపింది:

```
## యూరియా, డీఏపీ తేడా
| ఎరువు | నత్రజని | భాస్వరం |
|---|---|---|
| **యూరియా** | 46% | 0 |
| **డీఏపీ** | 18% | 46% |
```

సంచి మీద ఉండే అంకెలే ఇవి, తప్పేమీ లేదు. వెబ్‌సైట్‌లోని చాట్ పెట్టెలో ఈ గీతలన్నీ మాయమై చక్కటి పట్టిక కనిపిస్తుంది. శీర్షిక పెద్ద అక్షరాల్లో, ఎరువుల పేర్లు మందంగా వస్తాయి. అదే జవాబు వాట్సాప్‌కి వెళితే పట్టిక ఉండదు. నిలువు గీతలు, అడ్డగీతలు, చుక్కగుర్తులు ఉన్నవి ఉన్నట్టే వచ్చి, ఇరుకు తెర మీద ఎక్కడపడితే అక్కడ వరుస విరిగిపోతాయి. ఎస్సెమ్మెస్‌లోనూ అంతే. ఇక ఫోన్ చేసి వినే రైతు సంగతి వేరు. అక్షరాల్ని మాటగా మార్చే సాఫ్ట్‌వేర్ కొన్నిచోట్ల “స్టార్ స్టార్” అని చదువుతుంది, కొన్నిచోట్ల గుర్తులన్నీ మింగేసి “యూరియా, నలభై ఆరు శాతం, సున్నా” అని చెబుతుంది. దేనికి నలభై ఆరు, దేనికి సున్నా అన్నది పై వరుసలో ఉండిపోయింది. వినేవాడికి పై వరుస గుర్తుండదు.

ఈ గుర్తుల పద్ధతి పేరు మార్క్‌డౌన్. జాన్ గ్రూబర్ అనే అమెరికన్ రచయిత 2004లో దీన్ని బయటపెట్టాడు, ఆరన్ స్వార్ట్జ్ సాయం చేశాడు. మామూలు ఈమెయిళ్లలో జనం అప్పటికే నొక్కి చెప్పాల్సిన మాటకి అటూ ఇటూ చుక్కగుర్తులు పెట్టే అలవాటును తీసుకుని, దాన్ని వెబ్ పేజీగా మార్చే సాధనం చేశారు. ఇంటర్నెట్‌లో ఈ రాత విపరీతంగా పేరుకుంది. అది చదివి నేర్చుకున్న భాషా నమూనాలకు ఇది చేతి అలవాటైపోయింది. తేడా చెప్పమంటే పట్టిక, పద్ధతి చెప్పమంటే అంకెల జాబితా.

అందుకే ఇలాంటి బాట్‌ను జనంలోకి వదిలేవాళ్లు, ప్రతి సంభాషణకూ ముందు దానికి అందే ఆదేశపత్రంలో, అంటే సిస్టమ్ ప్రాంప్ట్‌లో, ఒక సూచన చేరుస్తుంటారు. సారాంశం ఇది: నీ జవాబు ఎక్కడ కనిపిస్తుందో నీకు తెలియదు, అసలు తెర ఉంటుందో లేదో కూడా తెలియదు, గుర్తులు అక్షర రూపం దాల్చుతాయని అనుకోకు, ఎక్కడ చదివినా అర్థమయ్యేట్టు రాయి. చెప్పడం తేలికే. బాట్ దాన్ని నిజంగా పాటిస్తోందా లేదా అని తేల్చడం మాత్రం అంత సులువు కాదు.

ఒకే బాట్ నాలుగు దారుల్లో జనానికి చేరడం మన దగ్గర కొత్త కాదు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2025 జనవరి 30న ‘మన మిత్ర’ పేరుతో పౌర సేవల్ని వాట్సాప్‌లోకి తెచ్చింది. అంతకుముందు 2023లో, ఏఐ4భారత్ పరిశోధకులు, మైక్రోసాఫ్ట్ కలిసి తెచ్చిన ‘జుగల్‌బందీ’ అనే వాట్సాప్ బాట్ అక్షరాల్లోనూ, గొంతుతోనూ భారతీయ భాషల్లో ప్రభుత్వ పథకాల సమాచారం ఇచ్చింది. ఒకరు చదువుతారు, ఇంకొకరు వింటారు. జవాబు తయారు చేసే యంత్రం మాత్రం ఒక్కటే.

పరీక్షలో మొదటి పొరపాటు తెర దగ్గరే జరుగుతుంది. బాట్‌ను తయారు చేసేవాళ్లు దాన్ని ప్రయత్నించి చూసే పేజీ సాధారణంగా మార్క్‌డౌన్‌ను అందంగా చూపించే రకం. అక్కడ పట్టిక పట్టికలాగే కనిపిస్తుంది. సూచనను బాట్ తుంగలో తొక్కినా, చూసేవాళ్ల కంటికి అది తప్పుగా ఆనదు, పైపెచ్చు ముచ్చటగా ఉంటుంది. కాబట్టి చూడాల్సింది తెరను కాదు. బాట్ నోటి నుంచి వచ్చిన ముడి అక్షరాల వరుసను, ఏ అలంకరణా జరగకముందే పట్టుకుని దాచాలి. ఆ ముడి పాఠం మీద ఒక చిన్న తనిఖీ నడిపితే చాలావరకు దొరికిపోతుంది:

```
import re
raw = "**యూరియా**: 46% నత్రజని"
print(re.findall(r"\*\*|^#+ |^\|", raw, flags=re.M))
```

జంట చుక్కగుర్తులు ఎక్కడున్నా, వరుస మొదట్లో శీర్షిక గుర్తు గానీ నిలువు గీత గానీ ఉన్నా ఇది ఏరి చూపిస్తుంది. పై పాఠానికి `['**', '**']` అని వస్తుంది. ఆదేశాన్ని పాటించారా లేదా అన్నది ఇలా యంత్రమే తేల్చగలిగేలా పరీక్షలు కట్టడం 2023లో గూగుల్ పరిశోధకులు తెచ్చిన ఐఎఫ్ఈవాల్ పరీక్షతో బాగా వాడుకలోకి వచ్చింది. అందులో కామా వాడొద్దు, ఇన్ని మాటలకు తగ్గకుండా రాయి లాంటి 25 రకాల ఆదేశాలు, వాటితో అల్లిన దాదాపు 500 ప్రశ్నలు ఉన్నాయి. విచిత్రమేమంటే ఆ ఆదేశాల్లో ఒకటి, జవాబులో కొన్ని భాగాలను మార్క్‌డౌన్‌తో ఎత్తిచూపమనేది. అక్కడ మార్కులు తెచ్చిపెట్టే పనే ఇక్కడ తప్పు.

ముడి పాఠం పట్టుకోవడంలో ఇంకో చిక్కుంది. బాట్‌కీ వాట్సాప్‌కీ మధ్య ఒక అనుసంధాన ప్రోగ్రామ్ కూర్చుని ఉంటుంది. వాట్సాప్‌లో అక్షరాలు మందంగా రావాలంటే అటూ ఇటూ ఒక్కొక్క చుక్కగుర్తే పెట్టాలి. మార్క్‌డౌన్‌లో రెండేసి. ఈ తేడా తెలిసిన ఇంజినీర్లు మధ్యలోనే రెండును ఒకటిగా మార్చేస్తారు, లేదా గుర్తులన్నీ తుడిచేస్తారు. అప్పుడు రైతు ఫోన్‌లో జవాబు శుభ్రంగానే ఉంటుంది, కానీ ఆ శుభ్రత బాట్‌ది కాదు. ఫోన్‌లో కనిపించినదాన్ని బట్టి మార్కులు వేస్తే, మధ్యవాడి కష్టానికి బాట్‌ను మెచ్చుకున్నట్టవుతుంది. అందుకని ప్రతి జవాబునూ రెండుచోట్ల నమోదు చేస్తారు. బాట్ నుంచి వెలువడగానే ఒకసారి, చేరాల్సిన చోట చేరాక ఇంకోసారి.

ఈ రెండు నమోదులూ ఎందుకు పనికొస్తాయో ఒక ఊహాత్మక పరీక్షతో చూద్దాం. అంకెలు కేవలం లెక్క అర్థం కావడానికి వేసుకున్నవి. పట్టికకో జాబితాకో చెయ్యి లాగే ప్రశ్నలు 50 తయారు చేసుకున్నారు. ఎరువుల తేడాలు, నారుమడి పద్ధతి, పంట బీమా దరఖాస్తుకు కావాల్సిన కాగితాలు లాంటివి. అవే 50 ప్రశ్నల్ని వెబ్, వాట్సాప్, ఎస్సెమ్మెస్, ఫోన్ కాల్ అనే నాలుగు దారుల్లో పంపారు. సూచన అన్నిచోట్లా ఒకటే. చేరినచోట చూస్తే గుర్తులు కనిపించిన జవాబులు వెబ్‌లో 14, ఎస్సెమ్మెస్‌లో 13, ఫోన్‌కు వెళ్లిన పాఠంలో 15. వాట్సాప్‌లో మాత్రం ఒక్కటే.

పైపైన చూసేవాళ్లు వాట్సాప్‌లో బాట్ బాగా పనిచేస్తోంది, మిగతాచోట్ల సరిదిద్దాలి అని రాసుకుంటారు. నిజానికి ఇక్కడ ఆలోచించాల్సింది వేరే ఉంది. తాను ఎక్కడ మాట్లాడుతోందో బాట్‌కు తెలియనప్పుడు, నాలుగు దారుల్లోనూ దాని ప్రవర్తన ఇంచుమించు ఒకేలా ఉండి తీరాలి. 13, 14, 15 మధ్య తేడా లెక్కలోకి రాదు. ఇలాంటి నమూనాలు ఒకే ప్రశ్నకు ప్రతిసారీ కాస్త వేరుగా రాస్తాయి కాబట్టి అంత ఊగిసలాట సహజం. కానీ 14కీ 1కీ మధ్య తేడా అలా కాకతాళీయంగా రాదు. ఒక దారి విడిగా నిలబడిందంటే రెండే కారణాలు. మధ్యలో ఎవరో తుడుస్తున్నారు, లేదా తానున్నది వాట్సాప్‌లో అని బాట్‌కు ఎవరో చెప్పేశారు.

మొదటి అనుమానం తీరడానికి బాట్ నుంచి వెలువడినప్పటి నమోదు తెరిచారు. అక్కడా వాట్సాప్ జవాబుల్లో గుర్తులున్నవి రెండే. అంటే తుడిచింది మధ్యవాడు కాదు. ఇక లోపలికి వెళ్లిన పాఠం చూడాలి:

```
{"channel": "whatsapp", "text": "యూరియా, డీఏపీ తేడా ఏంటి?"}
```

దొరికింది. వాట్సాప్ అనుసంధానం రాసినవాళ్లు ప్రశ్నతోపాటు దారి పేరు కూడా పంపుతున్నారు, అది నేరుగా బాట్ చదివే పాఠంలోకి చేరుతోంది. ఆ ఒక్క మాట తీసేసి మళ్లీ 50 ప్రశ్నలూ పంపితే గుర్తులున్న జవాబులు 13కి ఎక్కాయి. వాట్సాప్‌లో వచ్చిన మంచి మార్కులు సూచన పాటించినందుకు వచ్చినవి కావు, చోటు తెలిసినందుకు వచ్చినవి. సూచన విషయంలో బాట్ అన్ని దారుల్లోనూ సమానంగానే తప్పుతోంది, నాలుగింట ఒకసారికి పైనే.

చోటు బయటపడే సందులు ఇలా ఎన్నో ఉంటాయి. “మా వాట్సాప్ సేవకు స్వాగతం” అన్న మొదటి పలకరింపు సంభాషణ చరిత్రలో ఉండిపోవడం ఒకటి. ఫోన్ కాల్‌లో మాటను అక్షరాలుగా మార్చినప్పుడు కామాలు, ప్రశ్నార్థకాలు లేకుండా రావడం ఇంకొకటి, ఆ తీరు చూసి నమూనా ఇది గొంతుతో వచ్చిందని పసిగట్టవచ్చు. మన వాళ్లు “urea enta veyyali” అని ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు కొట్టడమూ ఒక రకంగా జాడే. దారుల్ని పోల్చాలంటే నాలుగింట్లోకీ అక్షరం పొల్లుపోకుండా ఒకే పాఠం వెళ్లాలి. లేకపోతే పోల్చేది దేన్నో తెలియదు.

అలాగని జాడ దొరికినప్పుడు బాట్ వాడుకోవడమే తప్పని కాదు. రైతు “నేను ఫోన్‌లో వింటున్నా, మెల్లగా చెప్పు” అంటే చోటు తెలిసిపోయినట్టే. అప్పుడూ తెలియనట్టు నటిస్తే అది మొండితనం. కాబట్టి పరీక్షలో ఇలాంటి ప్రశ్నలు కొన్ని విడిగా పెట్టి, బాట్ వాటికి తగ్గట్టు మారుతోందో లేదో వేరే పద్దులో రాసుకోవాలి. ఈ రెండు పద్దుల్నీ కలిపి ఒకే సగటు తీస్తే రెండూ పాడవుతాయి.

సూచన లేకుండా కూడా ఆ 50 ప్రశ్నల్నీ ఒకసారి నడపాలి. చాలా పరీక్షల్లో ఎగిరిపోయే మెట్టు ఇదే. “రేపు వర్షం వస్తుందా” లాంటి ప్రశ్నకు ఏ సూచనా లేకపోయినా జవాబు ఒక వాక్యంలోనే వస్తుంది. అలాంటివి వంద పెట్టి వందకు వంద వచ్చాయంటే సూచన పనిచేసినట్టు కాదు, ప్రశ్నలు పరీక్షించనే లేదన్నమాట. సూచన లేనప్పుడు 50లో 40కి పైగా పట్టికలు, జాబితాలు వచ్చే ప్రశ్నలే ఈ పనికి వస్తాయి.

సంభాషణ పొడవు మీద కూడా ఓ కన్ను వేయాలి. మొదటి జవాబు నిరాడంబరంగా రాసిన బాట్ ఏడో జవాబుకో ఎనిమిదో జవాబుకో పాత అలవాటులోకి జారడం తరచూ కనిపించే జబ్బు. ఒకసారి జారిందంటే ఆ జవాబు చరిత్రలో చేరి, తర్వాతి వాటికి అదే నమూనా అవుతుంది. దీన్ని పట్టుకోవడానికి పరీక్షకులు కావాలనే, పట్టికతో నిండిన పాత జవాబు ఒకటి చరిత్రలో ముందే పెట్టి, తర్వాతి ప్రశ్న పంపుతారు. సూచన గెలుస్తుందో, పాత అలవాటు గెలుస్తుందో అక్కడ తేలుతుంది.

ఇప్పుడు ఎస్సెమ్మెస్ లెక్క కొంచెం చూడాలి, ఎందుకంటే తెలుగుకు అక్కడ ప్రత్యేకమైన చిక్కుంది. ఒక ఎస్సెమ్మెస్‌లో 140 బైట్లు పడతాయి. ఇంగ్లీషు అక్షరాలకు ఏడు బిట్ల పద్ధతి ఉంది కాబట్టి 160 వరకు వస్తాయి. ఆ పద్ధతి పట్టికలో లేని గుర్తు ఒక్కటి చేరినా మొత్తం సందేశం పదహారు బిట్ల పద్ధతికి మారి, పరిమితి 70కి పడిపోతుంది. మన రూపాయి గుర్తు ₹ ఆ పట్టికలో లేదు. మార్క్‌డౌన్‌లో కోడ్ కోసం వాడే వెనుక వాలు గుర్తూ లేదు. ఇంగ్లీషులో చక్కగా సరిపోయిన ఎరువుల ధర సందేశం, ‘Rs’ బదులు ₹ పెట్టగానే రెండు మూడు ముక్కలవుతుంది. తెలుగుకు మామూలుగా మొదటి నుంచీ 70యే. అందులోనూ కంటికి ఒక్కటిగా కనిపించే ‘స్త్రీ’ లెక్కకు ఆరు, ఎందుకంటే సకారం, తకారం, రకారం, రెండు పొల్లులు, గుడి దీర్ఘం విడివిడిగా నిల్వ ఉంటాయి.

మొదట్లో చూసిన పట్టికను ఇలా లెక్కేస్తే 116 వస్తుంది. అందులో 35 కేవలం గీతలూ గుర్తులూ. అదే సంగతిని “యూరియాలో నత్రజని 46 శాతం ఉంటుంది, భాస్వరం ఉండదు. డీఏపీలో నత్రజని 18 శాతం, భాస్వరం 46 శాతం.” అని రాస్తే 90. పొడుగైన సందేశాన్ని ముక్కలు చేసినప్పుడు ఒక్కో ముక్కలో 67 పడతాయి కాబట్టి రెండు రాతలూ రెండేసి ముక్కలే అవుతాయి, ఖర్చులో లాభమేమీ లేదు. లాభం చదవడంలో ఉంది. రెండో రాతను వెబ్‌లో పెట్టినా, వాట్సాప్‌లో పెట్టినా, పక్కింటి పిల్లాడు పైకి చదివి వినిపించినా ఏ అంకె దేనిదో తెలుస్తుంది.

గుర్తులు లేకుండా రాస్తే చాలదా అంటే, అక్కడే చాలామంది పరీక్షకులు బోల్తా పడతారు. గుర్తులు వద్దన్న సూచనా, చోటు తెలియదన్న సూచనా ఒకటి కావు. రెండోదాని ప్రకారం వెబ్ కూడా ఒక సాధ్యతే. మార్క్‌డౌన్ తెలియని చోట ఎలా ఉంటుందో ఆలోచించినట్టే, మార్క్‌డౌన్ నడిచే చోట సాదా పాఠం ఏమవుతుందో కూడా ఆలోచించాలి. బాట్ గుణకారానికి చుక్కగుర్తు వాడి `2*3*4` అని రాసిందనుకోండి. ఫోన్ తెర మీద అది సరిగ్గానే ఉంటుంది. మార్క్‌డౌన్ నడిచే పేజీలో ఆ రెండు చుక్కలూ మాయమై, మధ్య అంకె వాలుగా మారి, 234 అని కనిపిస్తుంది. మందు మోతాదు లెక్కలో ఇది చిన్న తప్పు కాదు. అలాగే వరుసకొక సంగతి చొప్పున, మధ్యలో ఖాళీ వరుస వదలకుండా రాస్తే, మార్క్‌డౌన్ నియమం ప్రకారం ఆ వరుసలన్నీ ఒకే పేరాగా కలిసిపోతాయి. కొన్ని చాట్ పేజీలు వరుసల్ని ఉంచుతాయి, కొన్ని ఉంచవు. “1986. ఆ ఏడాది వరద” అని మొదలైన వరుస జాబితాలో 1986వ అంశమైపోతుంది.

మన పాత పల్లెల్లో ఉత్తరం రాసేవాడికి, అవతల దాన్ని చదివేది కొడుకో, పోస్ట్‌మ్యానో, బడిపంతులో తెలిసేది కాదు. ముగ్గురిలో ఎవరు చదివినా ఒకే అర్థం వచ్చేట్టు రాసేవాడు. ఇక్కడ బాట్ నుంచి కోరేదీ అదే. గుణకారం అయితే “రెండు సార్లు” అని మాటల్లో, మెట్లు అయితే “మొదట”, “ఆ తర్వాత” అని వాక్యాల్లో, పేరాల మధ్య ఒక ఖాళీ వరుస. ఇవి రెండు రకాల చోట్లలోనూ బతికి బట్టకడతాయి.

ఇందాకటి చిన్న ప్రోగ్రామ్ ఈ తప్పుల్ని పట్టలేదు. జంట చుక్కల కోసం వెతికేది `2*3*4`ను చూడకుండా వదిలేస్తుంది. ఒంటి చుక్కలు కూడా పట్టుకోమంటే, తప్పేమీ లేని చోట కూడా కూత పెడుతుంది. అన్నిటికంటే కష్టమైనవి గుర్తుల్లో కాక మాటల్లో దాక్కున్న ఊహలు. “పై పట్టికలో చూసినట్టు”, “కింది లింక్ మీద నొక్కండి”, “ఎర్ర రంగులో ఉన్న వరుస” లాంటివి. ముడి పాఠంలో ఒక్క గుర్తూ లేదు, తనిఖీలో పూర్తి మార్కులు. ఫోన్‌లో వినేవాడికి నొక్కడానికి ఏముంది? బాట్ తెర ఉందని పందెం కాసినట్టే లెక్క, కాకపోతే చుక్కగుర్తుతో కాదు, మాటతో.

వీటికి మనుషులే కావాలి. అయితే వాళ్లను ముడి పాఠం ముందు కూర్చోబెడితే లాభం లేదు. కొందరికి వెబ్ పేజీ చూపించాలి, కొందరికి వాట్సాప్ సందేశం, కొందరికి ఆడియో మాత్రమే వినిపించాలి. ఆడియో విన్నవాళ్లను “బాగుందా” అని అడగకూడదు, మర్యాదకి బాగుందనే అంటారు. “డీఏపీలో భాస్వరం ఎంత?” అని అడగాలి. పట్టిక రూపంలో వచ్చిన జవాబును విన్నవాళ్లు 18 అంటారో 46 అంటారో చూస్తే సంగతి బయటపడుతుంది. ఒక్కొక్కరికి ఒక్క రూపమే ఇవ్వడం ముఖ్యం. వెబ్‌లో ముందే చదివినవాడికి ఆడియో ఎలా ఉన్నా అర్థమవుతుంది.

చివరికి ఎన్నిసార్లు పరీక్షిస్తే నమ్మొచ్చు అన్న ప్రశ్న వస్తుంది. దీనికి గణాంక శాస్త్రంలో ఒక తేలిక లెక్క ఉంది. n సార్లు ప్రయత్నించి ఒక్కసారీ తప్పు దొరకకపోతే, అసలు తప్పుల రేటు 95 శాతం నమ్మకంతో 3/n లోపు ఉందని చెప్పవచ్చు. 20 ప్రశ్నలు పంపి ఒక్క తప్పూ రాలేదంటే, నిజంగా తప్పులు 15 శాతం దాకా ఉండే అవకాశం ఇంకా మిగిలే ఉంది. ఒక శాతం లోపని చెప్పాలంటే 300 ప్రశ్నలు తప్పు లేకుండా గడవాలి. అది కూడా ఆ రకం ప్రశ్నలకు, ఆ భాషకు, ఆ నమూనాకు మాత్రమే. సూచన ఇంగ్లీషులో ఉండి ప్రశ్న తెలుగులో వస్తే ఫలితం మారవచ్చు కాబట్టి తెలుగుకు వేరే 300 కావాలి. బాట్ వెనకున్న నమూనాను సరఫరా చేసే సంస్థ కొత్త కూర్పు విడుదల చేసినరోజు పాత లెక్కలన్నీ చెల్లవు. ఆరోజు మొదట నడపాల్సినవి, పట్టికతో నిండిన చరిత్ర ముందే పెట్టిన సంభాషణలు. పాత అలవాట్లు మళ్లీ తలెత్తితే ముందుగా అక్కడే కనిపిస్తాయి.